“బుకింగ్ ఉందండీ” అన్నది నేనే

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్లు “సోషల్ మీడియాలో వచ్చే చవక ప్యాకేజీల గురించి చెప్పండి” అన్నారు. నేను పోలీసుని కాను, కంప్యూటర్ నిపుణుణ్ణీ కాను. హోటల్ మనిషిని. పదహారేళ్లుగా ఇదే పని. మొదట రిజర్వేషన్ డెస్కులో ఫోన్లు ఎత్తేవాణ్ణి, తర్వాత రిసెప్షన్‌కి మారాను. కాబట్టి కౌంటర్ వెనక నిలబడినవాడికి కనిపించేదే చెబుతాను. ఒక్క కేసే చెబుతాను, అందులో నా తప్పు కూడా కొంత ఉంది.

ఒక రాత్రి పది దాటాక ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. చిన్నపిల్ల తండ్రి భుజం మీద నిద్రపోతోంది. ఆయన ఒక చేత్తో పాపని పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ నా ముందు పెట్టాడు. అందులో ఒక ఫేస్‌బుక్ పేజీలో కొన్న చవక ప్యాకేజీ వోచర్ ఉంది. మా హోటల్ లోగో, చిరునామా, మూడు రాత్రులు, రెండు గదులు, కింద బుకింగ్ నంబరు. నంబరు కొట్టి చూశాను. అది నిజమైన నంబరే. పేరూ ఆయనదే. కానీ పక్కన ‘రద్దు’ అని ఉంది, అదీ మూడు రోజుల కిందట.

“రద్దయిందండీ” అన్నాను. ఆయనకి కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. “అదెలాగండీ, డబ్బు పూర్తిగా కట్టే ముందు నేను మీ హోటల్‌కే ఫోన్ చేసి అడిగాను. ఉందని చెప్పారు కదా” అన్నాడు. ఏ రోజు చేశారని అడిగాను. తేదీ, టైమూ చెప్పాడు. డ్యూటీ చార్టు చూస్తే ఆ పూట ఫోన్ దగ్గర ఉన్నది నేనే.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ పూట ఆ బుకింగ్ ఉంది. ఆయన పేరు చెప్పాడు, తేదీలు చెప్పాడు, “ఉందండీ, రెండు గదులు, కన్ఫర్మ్” అన్నాను. ఆ మాట నమ్మి ఆయన మిగతా సగం డబ్బు పంపేశాడు. మోసగాడు కూడా సరిగ్గా నా నోటి నుంచి ఆ మాట రావడం కోసమే చూస్తున్నాడు. “నన్ను నమ్మొద్దు సార్, హోటల్‌కే ఫోన్ చేసి కనుక్కోండి” అని వాడే చెప్పాడట.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే అందరూ ఇచ్చే సలహా ఇదే: “హోటల్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.” మంచి సలహానే, కానీ సగమే. ఏం అడగాలో తెలియకపోతే ఆ ఫోన్ మోసగాడికే పనికొస్తుంది.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. హోటల్ గది రకరకాల షరతుల మీద అమ్ముతాం. ఒకటి, ముందే డబ్బు కట్టే రేటు. కాస్త తక్కువ ఉంటుంది, రద్దు చేస్తే చాలాసార్లు డబ్బు తిరిగి రాదు. ఇంకొకటి, వచ్చాక హోటల్లో కట్టే రేటు. దీన్ని ఫలానా తేదీ వరకు ఉచితంగా రద్దు చేసుకోవచ్చు. మా దగ్గర ఆ గడువు అతిథి వచ్చే సమయానికి 48 గంటల ముందు, వేరే చోట్ల 24 గంటలు ఉండొచ్చు, వారం ఉండొచ్చు. ఈ రెండో రకం బుకింగ్ చేయడానికి పైసా కట్టక్కర్లేదు. కొన్నిచోట్ల కార్డు నంబరు అడుగుతారు, కొన్నిచోట్ల అదీ అడగరు.

మోసగాడు చేసింది ఇదే. ఒక మామూలు బుకింగ్ సైటులోకి వెళ్లి, ఈ కుటుంబం పేరు మీద, వచ్చాక కట్టే రేటుకి రెండు గదులు బుక్ చేశాడు. పేరు వీళ్లది. ఈమెయిల్ వాడిది, ఫోన్ నంబరు వాడిది. మాకు బుకింగ్ వచ్చింది, నంబరు పడింది. ఆ నంబరు తీసుకుని వాడు ఒక వోచర్ తయారుచేసి ‘పూర్తిగా చెల్లించారు’ అని రాసి వీళ్లకి పంపాడు. వీళ్లు మాకు ఫోన్ చేశారు, నేను ఉందన్నాను, వీళ్లు మిగతా డబ్బు పంపారు. గడువు దాటకముందే వాడు రద్దు కొట్టాడు. రద్దయిందన్న మెయిల్ ఎవరికి వెళ్తుంది? బుకింగ్‌లో ఉన్న మెయిల్‌కి, అంటే వాడికే. ఈ కుటుంబం హాయిగా బట్టలు సర్దుకుని బయల్దేరింది.

హోటల్ నిజం, ఫొటోలు నిజం, బుకింగ్ నంబరు నిజం. అబద్ధం ఒక్కటే: ‘చెల్లించారు’ అన్న మాట. కాబట్టి హోటల్ ఉందా, బుకింగ్ ఉందా అన్నవి అసలు ప్రశ్నలు కావు. నా డబ్బు హోటల్‌కి చేరిందా, ఈ బుకింగ్ ఎవరి చేతిలో ఉంది, ఇవీ ప్రశ్నలు.

మరి ఫోన్లో ఏం అడగాలి? ముందు నంబరు సంగతి. అమ్మేవాడు ఇచ్చిన నంబరుకి చేయకండి. వోచర్ మీద ఉన్న నంబరుకి అసలే చేయకండి. అటువైపు ఎత్తేది వాడి తమ్ముడు కావచ్చు. (నవ్వులు) మ్యాపులో కనిపించే నంబరు కూడా ఒకసారి సరిచూసుకోవాలి. ఎందుకంటే మ్యాపులో వివరాలు మార్చమని బయటివాళ్లు కూడా సూచించవచ్చు, అప్పుడప్పుడు అలా తప్పుడు నంబర్లు ఎక్కుతాయి. హోటల్ సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరూ, మ్యాపులో ఉన్న నంబరూ ఒకటేనా అని చూసి అప్పుడు చేయండి.

ఎత్తాక రిజర్వేషన్ వాళ్లకి ఇవ్వమనండి. పేరు, తేదీ, బుకింగ్ నంబరు చెప్పి ఇలా అడగండి: “ఈ బుకింగ్ మీద డబ్బు కట్టేశారా, లేక నేను వచ్చాక కట్టాలా?” మా స్క్రీన్ మీద ఆ గడి వేరే ఉంటుంది. ఎంత రావాలో కనిపిస్తుంది. ఆ కుటుంబం ఈ ఒక్క ప్రశ్న వేసి ఉంటే, నేను “మొత్తం ఇక్కడే కట్టాలండీ” అని చెప్పేవాణ్ణి. అక్కడితో కథ అయిపోయేది. అడగలేదు, నేను చెప్పలేదు.

తర్వాత, “ఇది ఎప్పటిదాకా ఉచితంగా రద్దు చేయొచ్చు?” అని అడగండి. ఇంకా రద్దుకి గడువు ఉందంటే, బుకింగ్ చేసినవాడు ఎప్పుడైనా తీసేయగలడు. ఆ తర్వాత, “బుకింగ్‌లో ఉన్న ఈమెయిల్, ఫోన్ నావేనా? నావి చెబుతాను, సరిపోల్చండి” అనండి. మీరు చెబితే మేం అవుననో కాదనో అనగలం. మాకై మేం చదివి వినిపించం, వినిపించకూడదు కూడా, అది వేరేవాళ్ల సమాచారం కావచ్చు కదా. మీది కాదంటే, మీ మెయిల్ చేర్చమని అడగండి. ఏజెన్సీ ద్వారా వచ్చిన బుకింగ్ అయితే చాలా హోటళ్లు చేర్చవు, “మీ ఏజెన్సీనే అడగండి” అంటాయి. ఆ జవాబు వచ్చినా మంచిదే, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసిపోతుంది.

“కట్టేశారు” అని మేం చెప్పినా పూర్తిగా ఊపిరి పీల్చుకోవద్దు. ఇది కాస్త అరుదైన రకం, కానీ ఉంది. దొంగిలించిన కార్డుతో మోసగాడు నిజంగానే హోటల్‌కి కడతాడు, మీ దగ్గర సగం ధరకి నగదు తీసుకుంటాడు. వాడికి సగం వచ్చినా లాభమే, పెట్టుబడి వాడిది కాదు కదా. కొన్ని రోజులకి ఆ కార్డు అసలు యజమాని బ్యాంకులో ఫిర్యాదు చేస్తాడు. డబ్బు మా ఖాతా నుంచి వెనక్కి పోతుంది. మీరు రాకముందే అది జరిగితే గది రద్దవుతుంది. మీరు గదిలో ఉండగా జరిగితే ఎవరో వచ్చి తలుపు కొడతారు, బిల్లు మీరే కట్టాలంటారు. దీన్ని ఫోన్లో పట్టుకోవడం కష్టం. “ఎవరు కట్టారు, ఏజెన్సీయా, కార్డా? కార్డు అయితే ఏ పేరు మీద?” అని అడగొచ్చు కానీ చాలాచోట్ల పేరు చెప్పరు. ఈ రకానికి ఆనవాలు ఒక్కటే, ధర.

ధర గురించి కొంచెం లెక్క వేద్దాం. ఆ గది హోటల్ సొంత సైటులో 100 అనుకోండి. బుకింగ్ సైట్లకి మేం ఇచ్చే కమీషన్ మామూలుగా 15 నుంచి 25 శాతం. అంటే ఒక అమ్మకందారు తన కమీషన్ మొత్తం వదులుకుని మీకు ఇచ్చినా ధర 75 దగ్గర ఆగుతుంది. టోకున గదులు తీసుకునేవాళ్లకి ఇంకాస్త తక్కువకి ఇస్తాం. వాళ్లు లాభం లేకుండా అమ్మినా 70 అనుకోండి. ఈ కుటుంబం కట్టింది 38. అందులో విమాన టికెట్లు కూడా ఉన్నాయి! విమాన టికెట్ మీద ఏజెంటుకి మిగిలేది చాలా స్వల్పం. పైగా టికెట్ ధరలో ఎయిర్‌పోర్టు రుసుములూ పన్నులూ ఉంటాయి, వాటిని ఏ ఏజెంటూ తగ్గించలేడు. మరి ఆ 38కి ఎలా వస్తుంది? ఎవరో ఒకరు నష్టపోతేనే వస్తుంది. హోటల్ నష్టపోవట్లేదు, ఎయిర్‌లైన్ నష్టపోవట్లేదు, అమ్మేవాడు దానకర్ణుడు కాడు. ఇంక మిగిలింది మీరే, లేదా ఎవరిదో పోయిన కార్డు.

అలాగని తక్కువ ధర ప్రతిదీ మోసం కాదు. సీజన్ లేనప్పుడు మేమే సగానికి అమ్ముతాం. అయితే అప్పుడు మా సైటులో కూడా సగమే ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి: రేటు పడితే అందరికీ పడుతుంది. కాబట్టి అదే తేదీలు, అదే రకం గది, అంతమంది మనుషులు పెట్టి హోటల్ సొంత సైటులో ఒకసారి చూడండి. ఆఫరు ప్రకటనలో “అసలు ధర” అని కొట్టేసి చూపించే అంకెని లెక్కలోకి తీసుకోకండి, అది ఎవరైనా రాసుకోవచ్చు. పోల్చాల్సింది ఈ రోజు హోటల్ అడుగుతున్న ధరతో. తేడా పది, ఇరవై శాతం అయితే వ్యాపారంలో సాధ్యమే. సగానికి పైగా తేడా ఉంటే, ఎలా ఇవ్వగలుగుతున్నారో వాళ్లే వివరించాలి. ఇంకో రకం కూడా ఉంది. హోటల్ సభ్యత్వం అంటగట్టే కంపెనీలు దాదాపు ఉచితంగా రెండు రాత్రులు ఇస్తాయి. అది మోసం కాకపోవచ్చు, కానీ మీ సెలవులో ఒక పూటంతా వాళ్ల ఉపన్యాసం వినాలి. నాది వింటున్నారు కాబట్టి అలవాటే అనుకోండి. (నవ్వులు)

ఆ రాత్రి ఏమైందో చెప్పలేదు కదా. అదృష్టవశాత్తూ ఒక గది ఖాళీగా ఉంది. మేనేజర్‌తో మాట్లాడి తగ్గించి ఇచ్చాం. పిల్లల్ని పడుకోబెట్టి ఆయన మళ్లీ కిందికి వచ్చాడు, నిద్ర పట్టలేదన్నాడు. లాబీలో కూర్చుని ఆయన ఫోన్లో ఆ ప్యాకేజీ అమ్మిన పేజీని ఇద్దరం చూశాం. పేజీ ఇంకా ఉంది. అదే ప్రకటన ఇంకా నడుస్తోంది.

నలభై వేల పైచిలుకు ఫాలోవర్లు ఉన్నారు. అందుకే నమ్మానన్నాడు. ఫేస్‌బుక్ పేజీలో వివరాల దగ్గర Page transparency అని ఒక చోటు ఉంటుంది. పేజీ ఎప్పుడు పెట్టారు, పేరు ఎన్నిసార్లు మార్చారు, నడిపేవాళ్లు ఏ దేశంలో ఉన్నారు అన్నవి అక్కడ కనిపిస్తాయి. తెరిచాం. పేజీ పాతదే, చాలా ఏళ్ల కిందటిది. కానీ రెండు నెలల క్రితం వరకు దాని పేరు వేరు, ఫోన్ కవర్లు అమ్మే పేజీ అది. ఎవరిదో పాత పేజీని ఫాలోవర్లతో సహా కొనుక్కుని, లేదా కాజేసి, పేరు మార్చారు. ఆ నలభై వేల మందీ ఫోన్ కవర్ల కోసం వచ్చినవాళ్లు! ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే About this account అన్న చోట ఇలాంటి వివరాలే ఉంటాయి. ఇక పేరు పక్కన నీలం టిక్కు సంగతి: ఆ టిక్కుని 2023 నుంచి ఈ రెండింటినీ నడిపే మెటా కంపెనీ నెలవారీ చందాకి కూడా ఇస్తోంది. టిక్కు ఉంటే ఆ పేరు గల మనిషో కంపెనీయో ఉన్నట్టు, అంతే. వాళ్లు మీకు గది ఇస్తారని కాదు.

వాళ్లకో వెబ్‌సైటు కూడా ఉంది, చూడచక్కగా ఉంది. ‘పన్నెండేళ్ల అనుభవం’ అని పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు. వెబ్‌సైటు పేరు ఎప్పుడు రిజిస్టరు చేశారో lookup.icann.org అన్న చోట ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో ఆ పేరు కొట్టి, సృష్టించిన తేదీ చూస్తే చాలు. ఆ సైటు వయసు నలభై రోజులు కూడా లేదు. పన్నెండేళ్ల అనుభవం నలభై రోజుల్లో వచ్చింది! కొన్ని దేశాల సొంత పేర్లతో ముగిసే సైట్లు అక్కడ కనిపించకపోవచ్చు, వాటికి ఆ దేశపు రిజిస్ట్రీలో చూడాలి. ఇది తెలిసిన మా కుర్రాడు ఒకడు “సైటు ముందు తాళం గుర్తు ఉంది కదా సార్” అన్నాడు. ఆ తాళం అర్థం మీకూ సైటుకీ మధ్య మాటలు ఎవరూ చాటుగా వినలేరని మాత్రమే. దొంగతో మాట్లాడినా గుట్టుగానే మాట్లాడతారు. ఆ తాళం తెప్పించే సర్టిఫికెట్లు ఉచితంగా దొరుకుతాయి. జనం ఆ గుర్తుని ఇలా అపార్థం చేసుకుంటున్నారనే గూగుల్ క్రోమ్ 2023లో దాన్ని తీసేసి వేరే బొమ్మ పెట్టింది.

ఇవన్నీ కలిపి పది నిమిషాల పని. కానీ ఒక హెచ్చరిక. ఇవి చెడ్డవాణ్ణి పట్టిస్తాయి గానీ, మంచివాడని హామీ ఇవ్వవు. పేజీ పాతదై, పేరు మారకుండా, సైటు అయిదేళ్లదై ఉన్నా మోసం జరగొచ్చు, నిజమైన ఏజెన్సీ ఖాతాని కాజేసి దాని పేరుతో అమ్మేవాళ్లూ ఉన్నారు. అందుకే నేను డబ్బు ఎక్కడికి వెళ్తోందన్న దాని మీదే ఎక్కువ పట్టుబడతాను.

ఆయన డబ్బు ఎలా పంపాడో అడిగాను. రెండు విడతలు. మొదట సగం, బుకింగ్ నంబరు వచ్చి నాతో మాట్లాడాక మిగతా సగం. రెండూ ఒక మనిషి పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాకి. కంపెనీ పేరు వేరు, ఖాతా పేరు వేరు. అడిగితే “కంపెనీ ఖాతాలో ఆడిట్ జరుగుతోంది, ఇది మా అకౌంటెంట్ ఖాతా” అన్నారట. కార్డుతో కడతానంటే “కార్డుకైతే ఈ ధర రాదు” అన్నారట.

ఈ రెండు జవాబుల్లో ఏది వినిపించినా లేచి వచ్చేయొచ్చు. కార్డు ఎందుకు వద్దంటారో తెలుసా? బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అంటే మీ చేత్తో మీరే ఇచ్చినట్టు. ఒకసారి వెళ్లాక అవతలి ఖాతాలో డబ్బు మిగిలి ఉంటేనే ఆపగలరు, అది చాలాసార్లు గంటల్లో ఖాళీ అవుతుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పంపినా దాదాపు అంతే. క్రెడిట్ కార్డు అలా కాదు. కొన్న సేవ అందకపోతే మీ బ్యాంకు ద్వారా ఆ డబ్బు తిరిగి అడిగే దారి ఉంటుంది. వీసా, మాస్టర్‌కార్డు నియమాల్లో దీనికి మామూలుగా 120 రోజుల గడువు. ప్రయాణాల విషయంలో అది కట్టిన రోజు నుంచి కాకుండా సేవ అందాల్సిన రోజు నుంచి లెక్కకి వస్తుంది, కాబట్టి నెలల ముందు బుక్ చేసినా దారి మూసుకుపోదు. ఆ దారి ఉందని మోసగాడికి మనకన్నా బాగా తెలుసు.

కార్డు లింకు పంపారనుకోండి, సంతోషపడి వెంటనే ఓటీపీ కొట్టకండి. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లో ఎవరికి, ఎంత అని ఉంటుంది, అది చదవండి. ట్రావెల్ కంపెనీకి కడుతున్నామనుకుంటే అక్కడ ఇంకేదో పేరు ఉంటుంది, మొత్తం కూడా వేరే ఉండొచ్చు. పేరు పొసగకపోతే అక్కడే ఆపేయాలి.

(సభలో ఒకరు: “విమాన టికెట్లకి పీఎన్‌ఆర్ వచ్చింది కదా, ఎయిర్‌లైన్ సైటులో కనిపిస్తే చాలదా?”)

మంచి ప్రశ్న. ఆ కుటుంబానికి టికెట్లు కూడా అలాగే వచ్చాయి, అందుకే ఇంకా గట్టిగా నమ్మారు. పీఎన్‌ఆర్ అంటే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే బుకింగ్ గుర్తు. అది సీటు పట్టి ఉంచినందుకు ఆనవాలు. సీటు పట్టడం వేరు, టికెట్ ఇవ్వడం వేరు. ఏజెంట్లు డబ్బు కట్టకుండా కొంతకాలం సీటు ఆపి ఉంచగలరు. గడువులోగా టికెట్ ఇవ్వకపోతే ఆ బుకింగ్ దానంతట అదే పోతుంది. అప్పటిదాకా ఎయిర్‌లైన్ సైటులో మీ పేరు, ఫ్లైట్ నంబరు అన్నీ కనిపిస్తాయి. కాబట్టి పీఎన్‌ఆర్‌తో పాటు టికెట్ నంబరు అడగండి. పెద్ద ఎయిర్‌లైన్లలో అది 13 అంకెలు, మొదటి మూడూ ఎయిర్‌లైన్‌వి. ఎమిరేట్స్‌కి 176, ఎయిర్ ఇండియాకి 098, లుఫ్తాన్సాకి 220, అలా. ఎయిర్‌లైన్ సొంత సైటులో మీ బుకింగ్ తెరిచినప్పుడు ఆ నంబరు కనిపించాలి. కొన్ని చవక ఎయిర్‌లైన్లు ఈ పద్ధతి వాడవు, వాటికి డబ్బు కట్టాకే పీఎన్‌ఆర్ ఖాయమవుతుంది. అక్కడ ‘కన్ఫర్మ్’ అనీ, బాకీ సున్నా అనీ ఉందో లేదో చూడాలి. ఇంకొకటి, టికెట్ ఇచ్చిన రోజే దాన్ని రద్దు చేసే వీలు ఏజెంట్లకి ఉంటుంది. అందుకని మర్నాడు మళ్లీ ఒకసారి చూడండి. ఈ కుటుంబం సొంత కారులో వచ్చింది, ఎందుకంటే బయల్దేరే రోజు ఉదయం ఎయిర్‌పోర్టులో టికెట్లు లేవన్నారు. “హోటల్ అయినా ఉందిలే, మనమే మాట్లాడి నిర్ధారించుకున్నాం కదా” అనుకుని కారెక్కారు.

(ఇంకొకరు: “నిజమైన ఏజెంట్లు కూడా డబ్బు ముందే అడుగుతారు. హోటల్‌కి ఫోన్ చేస్తే మన పేరు మీద ఏమీ లేదంటారు. వాళ్లని కూడా దొంగలనుకోవాలా?”)

అనుకోకూడదు. గ్రూపు ప్యాకేజీల్లో ఇది మామూలే. ఏజెన్సీ ఇరవై గదులు తన పేరు మీద పట్టి ఉంచుతుంది. ఎవరు ఏ గదిలో అన్న జాబితా బయల్దేరే ముందు కొన్ని రోజులకి మాకు పంపుతుంది. అప్పటిదాకా మీ పేరు మా దగ్గర ఉండదు, “లేదండీ” అనే చెబుతాం. అలాంటప్పుడు అడగాల్సింది వేరు: “ఫలానా ఏజెన్సీ పేరు మీద ఈ తేదీల్లో గ్రూపు బుకింగ్ ఉందా?” దీనికి చాలా హోటళ్లు అవునో కాదో చెబుతాయి. ఉందంటే, ఆ ఏజెన్సీ ఆఫీసు నంబరు విడిగా వెతికి, వాళ్లకే ఫోన్ చేసి, మీకు అమ్ముతున్న ఈ మనిషి వాళ్ల మనిషేనా అని కనుక్కోండి. ఏజెన్సీలకి లైసెన్సు ఉండాలన్న నియమం ఉన్న దేశాల్లో, ఆ నంబరుని ప్రభుత్వ రిజిస్టరులోనే వెతకండి. వాళ్లు పంపిన సర్టిఫికెట్ బొమ్మ చూసి సరిపెట్టుకోకండి, బొమ్మని ఎవరైనా దిద్దుకోవచ్చు.

అమ్మేవాణ్ణి కూడా ఒక మాట అడిగి చూడండి: “గది డబ్బు నేను హోటల్‌కే నేరుగా కడతాను, మీ కమీషన్ మీకు ఇస్తాను.” నిజమైన ఏజెంటు కూడా దీనికి ఒప్పుకోకపోవచ్చు, తన కొనుగోలు ధర మీకు తెలియడం అతనికి ఇష్టం ఉండదు. కానీ అతను కారణం చెబుతాడు, కంపెనీ ఖాతా ఇస్తాడు, రసీదు ఇస్తాడు, కార్డు తీసుకుంటాడు. మోసగాడైతే “ఇంకా రెండే గదులు, పది నిమిషాల్లో కట్టకపోతే వేరేవాళ్లకి పోతాయి” అంటాడు. నేను పదహారేళ్లు గదులు అమ్మాను. నిజంగా రెండే గదులు మిగిలితే మేం ధర పెంచుతాం గానీ తగ్గించం.

(మరొకరు: “ఆయన డబ్బు తిరిగి వచ్చిందా?”)

రాలేదు. ఆ రాత్రే బ్యాంకు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించాను, ఫిర్యాదు నమోదైంది. కానీ రెండో విడత పంపి అప్పటికే పదకొండు రోజులైంది. పంపిన గంటలోనే చేసి ఉంటే ఏమైనా ఆశ ఉండేది. ఆ తర్వాత వారానికి ఆయనకి ఇంకో మెసేజ్ వచ్చిందట: “మీరు పోగొట్టుకున్న డబ్బు రాబట్టి ఇస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి” అని. మోసపోయినవాళ్ల నంబర్లు ఇలా చేతులు మారుతుంటాయి. అదృష్టం, ఈసారి కట్టే ముందు నాకు ఫోన్ చేశాడు.

మూడు రాత్రులనుకున్నవాళ్లు ఒక్క రాత్రే ఉండి వెళ్లిపోయారు. పొద్దున్నే పిల్లలు కాసేపు నీళ్లలో ఆడారు. వెళ్తూ ఆయన నన్ను ఒక్క మాట అడిగాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే: “ఆ రోజు ఫోన్లో మీకు తెరమీద కనిపించే ఉంటుంది కదా, డబ్బు కట్టలేదని?”

కనిపించింది. చూశాను కూడా. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఆ వారమే మేనేజర్‌తో మాట్లాడి డెస్కు దగ్గర ఒక మార్పు చేశాం. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి బుకింగ్ ఉందా అని అడిగితే, “ఉందండీ” అని మా వాళ్లు ఆపరు. “ఉందండీ, కానీ దీని మీద ఇంకా మాకు డబ్బు అందలేదు. వచ్చాక ఇంత కట్టాలి. ఈ తేదీ దాకా బుక్ చేసినవాళ్లు రద్దు చేయొచ్చు. మీరెవరికైనా డబ్బు కట్టారా?” అని అడుగుతారు. చాలామంది “లేదండీ, అక్కడే కడతాం” అంటారు. అప్పుడప్పుడు అవతల కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత నెమ్మదిగా, “ఒక్క నిమిషం ఆగండి, మళ్లీ చేస్తాను” అని పెట్టేస్తారు.